పూల తొడుగు

ఆ ఇంట్లో సిలిండరు మార్చే హక్కు పన్నెండేళ్ళుగా పెద్దకోడలిది. ఆవిడ స్నానానికి వెళ్ళిన పావుగంటలో, ఏకై వచ్చి మేకై కూర్చున్న చిన్నకోడలు కొత్త సిలిండరు బిగించేసింది. పైగా అత్తగారు, "చిన్నది ఉంటే నాకు నిశ్చింత" అనేసింది. పెద్దకోడలికి కడుపు భగ్గుమంది. నిన్నగాక మొన్న వచ్చినదానికి ఈ మెప్పా?

అత్తగారూ చిన్నకోడలూ పెరట్లోకి వెళ్ళగానే పెద్దకోడలు గిన్నెలో సబ్బునీళ్ళు చిలికింది. పొయ్యి మీటలు కట్టేసి ఉన్నాయని చూసుకుని, రెగ్యులేటరు తెరిచి, గ్యాసు కారితే బుడగ లేస్తుందని, అది సిలిండరు మీద కూర్చున్నచోట చుట్టూ నురగ పూసింది.

'ఒక్క బుడగ! ఒక్కటి చాలు' అని మొక్కుకుంది.

బుడగ రాలేదు. మళ్ళీ పూసింది. పైపు మొదట్లోనూ పూసింది. చిన్నది పనిమంతురాలు మరి, ఎక్కడా వంక లేదు. ఒళ్ళు మండి పైపు పొడవునా వెతుకుదామనుకుంది. దానికి జిడ్డు పట్టకూడదని నాలుగేళ్ళ కిందట తనే ముచ్చటపడి కుట్టిన పూల తొడుగు ఉంది. దాన్ని వెనక్కి జరిపి నురగ పూసింది. పొయ్యి దగ్గర పైపు ఒంగినచోట చిన్న బుడగ లేచింది. దాని పక్కన ఇంకొకటి. తుడిచినా మళ్ళీ వచ్చాయి.

"దొరికావే!" అని కేక పెట్టింది. వెంటనే రెగ్యులేటరు కట్టేసి, ఊడదీసి, సిలిండరుకు మూత పెట్టి, కిటికీలు బార్లా తెరిచింది. అప్పుడు పైపును వంచి చూస్తే రబ్బరు నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఇన్నాళ్ళూ వాటిని కప్పిపెట్టింది తన తొడుగే. చిన్నది ఆ పైపు ముట్టుకోలేదు.

కేక విని ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"లైటు ముట్టుకోకండి! గ్యాసు కారింది."

"చిన్నదాని బిగింపు వదులైందా?" అంది అత్తగారు.

ఔనంటే సరిపోయేది. పెద్దకోడలు నోరు తెరవకముందే చిన్నది తల దించుకుంది. "నేనే సరిగ్గా బిగించలేదేమో అత్తయ్యా."

"చూడు, తప్పు ఒప్పుకోవడానికీ మనసుండాలి" అని అత్తగారు మురిసిపోయింది.

పెద్దకోడలికి నషాళానికి అంటింది. నింద మోసిన మంచిపేరు కూడా దీనికేనా?

"ఆగవే! ఆ తప్పు నాది. నా తొడుగు కింద పైపు పగిలితే నేనే చూడలేదు. ఇది కూడా నువ్వే కొట్టేద్దామనుకున్నావా?"

చిన్నది బజారుకు వెళ్ళి కొత్త పైపు తెచ్చింది. "నువ్వే బిగించక్కా. నేను నురగ పూస్తాను."

పెద్దకోడలు బిగించింది, తొడుగు లేకుండా. రెగ్యులేటరు తెరిచారు. చిన్నది పూస్తూ వంగి వంగి చూస్తోంది. ఇందాక ఒక్క బుడగ కోసం మొక్కుకున్న మనిషి, ఇప్పుడు ఒక్కటీ రాకూడదని ఊపిరి బిగబట్టి నిలబడింది.