సీనంతా మళ్లీ గీసిన కెమెరా

బరంపురంలోని ఆ చిన్న గేముల కంపెనీలో అమ్ములు చేరి మూడు నెలలు. జూనియర్ టెక్నికల్ ఆర్టిస్టు. చిలికా సరస్సులో పడవల పందెం గేముకి నీళ్ల రంగూ మెరుపూ గీసే షేడర్ ప్రోగ్రాము ఆమే రాసింది. వాళ్లది ఆ సరస్సు ఒడ్డునే రంభ ఊళ్లో చేపల వ్యాపారం చేసే ఇల్లు. నీటి మీద వెలుగు ఎలా కదులుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

సోమవారం గేము ఈడ్చుకుంటూ నడిచింది. తెర మీద ఒక్కో ఫ్రేము గీయడానికి అంతకుముందు పద్నాలుగు మిల్లీసెకన్లు పట్టేది ఇరవై ఎనిమిదికి చేరింది. ప్రోగ్రామర్ శరత్ చంద్ర అందరి ముందూ ఆమె స్క్రీన్ దగ్గర నిలబడ్డాడు.

"సేపలోళ్లకి నీళ్లు తెలిస్తే సాలదు, మెషీన్ తెలియాల. సాయంత్రానికి ఆ షేడర్ తీసెయ్."

అమ్ములు ముఖం వేడెక్కింది. షేడర్ మాత్రం తీయలేదు. పాత టెస్ట్ ల్యాప్‌టాప్ తీసుకుని, గేము వేగాన్ని తెరకి కట్టేసే వీసింక్ ఆపి, ఒక్కోటీ మార్చి కొలిచింది. మధ్యాహ్నానికి అతనికి నోట్ పంపింది, టీమ్ లీడ్ జయలక్ష్మికి కాపీ పెట్టి.

"శరత్ గారికి,
షేడర్ తీసేసి నీళ్లకి ఉత్త నీలం రంగు వేశాను. ఫ్రేము 26.5 మిల్లీసెకన్ల దగ్గరే ఉంది. షేడర్ ఉంచి, ప్రతిబింబం కెమెరా ఒక్కటీ ఆపాను. 15.5కి దిగింది. అంటే నా షేడర్ ఖర్చు ఒకటిన్నర, అందులో ఎక్కువ నురగదే, అది తగ్గిస్తాను. మిగతా పన్నెండున్నర ఆ కెమెరాది. నీళ్లలో నీడ కోసం అది కొండలు, చెట్లు, ఇళ్లతో సహా సీనంతా తలకిందులుగా మళ్లీ గీస్తోంది. ఫ్రేముకి గీయమని పంపే డ్రా కాల్స్ 410 నించి 805 అయ్యాయి. దానికి పడవలూ దగ్గరి ఒడ్డూ మాత్రం చూపించి, సగం సైజులో గీయిస్తే చాలు."

ఆ కెమెరా స్క్రిప్టు శరత్ రాసింది. నోట్‌లో ఆ మాట ఆమె ఎక్కడా అనలేదు. అందరికీ తెలుసు.

అతను లేచి వచ్చాడు. "నా కోడ్ సూడమని నీకు ఎవరు సెప్పారు?"

"నా షేడర్ తీయమన్నారు కదా సర్. ఎందుకు తీయాలో సూశాను."

జయలక్ష్మి కెమెరా ఆపి చూపించమంది. అతను ఆపాడు. ల్యాప్‌టాప్ 15.5 చూపించింది. జయలక్ష్మి ఇద్దరినీ తమ తమ పని సరిచేయమని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాటికి గేము పదహారు మిల్లీసెకన్లలో నడిచింది. మార్పుల చిట్టాలో శరత్ రాసింది ఒకటే వాక్యం: "అమ్ములు నీళ్ల తప్పు సరిచేయబడింది."

అమ్ములు దాన్ని రెండుసార్లు చదివింది. దాని కింద తన నోట్ మొత్తం అతికించి, ఇలా రాసింది: "మారింది ప్రతిబింబం కెమెరా. నా వైపు నురగ తగ్గించాను."

ఆ తర్వాత శరత్ ఆమెతో నేరుగా మాట్లాడలేదు. ఏ పనైనా జయలక్ష్మి చేత చెప్పించేవాడు. అమ్ములు అడిగింది చేసి పంపేది, ప్రతిసారీ కొలతలతో సహా.