గీత మీదే కోత

కంటి ఆసుపత్రిలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. వదినను లోపలికి పిలిచాక ఆడపడుచు గోడ వైపు తిరిగి కూర్చుని ఫోన్ తీసింది. ఒక్క ఆట ఆడి లోపల పెట్టేద్దామనుకుంది. ఈ మధ్య ఏది మొదలుపెట్టినా ఒక్కటే అనుకుని మొదలుపెడుతోంది.

వీధి మలుపులోని దర్జీ షాపు ఆ వదినా ఆడపడుచులిద్దరిదీ. బట్ట కోయడం ఆమె పని, కుట్టడం వదిన పని. సుద్దతో కొలత గీసి, ఆ గీతకు వేలెడు వెడల్పు వదిలి వెలుపల కత్తెర నడపాలి. ఆ వేలెడంత కుట్టులోకి పోతుంది. వదిన ఎప్పుడూ టేపు పెట్టి చూడదు. అంచు నుంచి వేలెడు లోపలికి సూది పెట్టి లాగించేస్తుంది. "మా అమ్మాయి కోసిందంటే కళ్ళు మూసుకుని కుట్టేయొచ్చు" అని వచ్చిన వాళ్ళందరితో చెప్పుకునేది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆడపడుచును అమ్మాయ్ అనే పిలుస్తుంది.

ఫోన్లో పేకాట మొదలైంది ఖాళీగా కూర్చున్న ఒక మధ్యాహ్నం. మొదటి వారమే మంచి మొత్తం గెలిచింది. ఆ డబ్బుతో షాపుకి ఫ్యాను కొంది, చీటీ పాట వచ్చిందని చెప్పింది. గెలిచిన సంగతి దాచాల్సిన అవసరం ఏముందో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు.

తర్వాత చిన్న పందేలు చప్పగా అనిపించసాగాయి. మునుపటిలా గుండె ఝల్లుమనాలంటే పందెం పెంచాల్సి వచ్చేది. డబ్బు పోయిన రోజు, పోయింది రాబట్టుకునే దాకా లేవకూడదనిపించేది. గెలిచిన రోజు, చెయ్యి కలిసొస్తున్నప్పుడు లేవడమేమిటనిపించేది. యాప్ తీసేసిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో భర్త చెంచా కింద పడేసినా కసురుకునేది. సాయంత్రానికి మళ్ళీ ఎక్కించుకునేది. అప్పుడు ఇంట్లో అందరితోనూ నవ్వుతూ మాట్లాడేది.

బట్ట కోసే బల్ల మీద, సుద్దముక్క పక్కన, ఫోన్ చేరింది. కళ్ళు తెర మీద, కత్తెర గుడ్డ మీద. అలాంటి ఒక రోజున వేలెడు వదలడం మరిచి సరిగ్గా గీత మీదే కోసేసింది. వదిన అలవాటు చొప్పున వేలెడు లోపలికి కుట్టింది. చొక్కా బిగుసుకుపోయి తిరిగొచ్చింది. తర్వాత ఒక గౌను, ఆ తర్వాత ఒక కోటు.

కోటు తెచ్చినాయన గట్టిగానే అన్నాడు. వదిన దాన్ని తిరగేసి చూసి, తడబడింది. "కుట్టు లోపలికి పోయిందండీ. నా కళ్ళు మునుపటిలా ఆనడం లేదు" అంది.

ఆ క్షణంలో ఆమె నోరు తెరవాల్సింది. అంతా తన పొరపాటని ఆమెకు తెలుసు. బల్ల కింద పడ్డ పీలికలు సన్నగా ఉండాల్సినవి వెడల్పుగా ఉన్నాయి. కానీ ఎలా కోశావని అడిగితే ఫోన్ దాకా వస్తుంది. ఫోన్ దాకా వస్తే దారాలకీ అస్తరు గుడ్డకీ దాచిన డబ్బు దాకా వస్తుంది. ఊరుకుంది. "వయసొస్తోంది కదా వదినా" అని కూడా అంది. ఆ మాట ఎందుకు అన్నదో ఆమెకే తెలియదు.

వదిన కుట్టడం మానేస్తానంది. తన మిషన్ని అక్క కూతురికి ఇస్తానని మాటిచ్చేసింది. డాక్టర్ చూసి కళ్ళు ఇక బాగవవంటే షాపుకే రానంది. అందుకే ఈ రోజు ఇద్దరూ ఇక్కడికి వచ్చారు.

ఆట సగంలో ఉండగా నర్సు వదినను బయటికి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టింది. కంటిపాపలు పెద్దవవడానికి చుక్కలు వేశామనీ, కొన్ని గంటలు దగ్గరివి మసగ్గా కనిపిస్తాయనీ చెప్పి వెళ్ళింది.

"ఎంత సేపు కూర్చోబెట్టారే. నువ్వేం చేస్తున్నావు?"

"ఏం లేదు వదినా, మనిద్దరి చెప్పులూ ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని కాపలా కాస్తున్నా."

వదిన నవ్వి, తల గోడకానించింది. పైకి చూస్తూ మెల్లగా మాట్లాడుతోంది. షాపులో ఒక్కదానివే ఎలా నెట్టుకొస్తావు, కుట్టడానికి ఎవరినైనా పెట్టుకో, పెట్టుకునే ముందు కాలరు కుట్టించి చూడు, కాలరు కుట్టగలిగితే అన్నీ వచ్చినట్టే అంటోంది. ఆమె ఊఁ కొడుతూ ముక్కలు పారేస్తోంది. ఫోన్ని గోడ వైపు తిప్పలేదు. వదినకు కనిపించేలాగే, ఒళ్ళోనే పెట్టుకుంది. వదినకు ఎలాగూ ఆనదు కదా.

ఆ ఆలోచన తానే చేసిందని ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. వదిన షాపుకి రానన్న రోజున, లోలోపల ఎక్కడో, హాయిగా అనిపించింది. ఒక్కతే ఉంటే ఫోన్ దాచక్కర్లేదని. ఆ హాయిని అప్పుడు గుర్తుపట్టలేదు. ఇప్పుడు గుర్తుపట్టింది. ఆట గెలుస్తోంది. వేళ్ళు ఇంకా ఆడుతున్నాయి. ఆపమని ఆమె చెబుతున్నా ఆడుతున్నాయి.

డాక్టరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది. పరీక్షలన్నీ చూసి, కంటిలో జబ్బేమీ లేదంది. దగ్గరి చూపుకి మామూలు అద్దాలు చాలు, ఇన్నేళ్ళ పాటు సూది పట్టిన కళ్ళకి ఇది తక్కువే అని మెచ్చుకుంది. వదిన ముఖంలో సంతోషం కనిపించలేదు.

"మరి కుట్టు ఎందుకు తప్పుతోందండీ? చేతులకేమైనా వచ్చిందంటారా?"

"తప్పు నీది కాదు వదినా." ఆమె అనేసింది. "గీత మీదే కోశాను. కుట్టు వదలకుండా. ఫోన్లో పేకాట ఆడుతూ కోశాను. నీకు తెలియకుండా షాపు డబ్బులు కూడా పెట్టాను. ఆపుదామనుకుంటాను. ఆపలేకపోతున్నాను."

వదిన ఆమె వైపు తిరిగింది. మసక కళ్ళతో ముఖాన్ని వెతుక్కుంటున్నట్టు చాలాసేపు చూసింది. డాక్టరమ్మ ఆమెనే సూటిగా అడిగింది: ఆపినప్పుడు చిరాకొస్తుందా, పోయింది రాబట్టాలని మళ్ళీ కూర్చుంటున్నారా, అబద్ధాలాడాల్సి వస్తోందా అని. అన్నిటికీ అవుననే జవాబు. ఇది మీ బుద్ధి లోపం కాదు, వైద్యం ఉన్న జబ్బే, మా పక్క భవనంలో మానసిక వైద్యులున్నారు, ఇవాళే చూపించుకోండి, డబ్బు వ్యవహారం కొన్నాళ్ళు ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి అని చీటీ రాసిచ్చింది.

బయటికి వచ్చాక వదిన మెట్ల దగ్గర ఆగిపోయింది.

"నా కళ్ళు పోతున్నాయని రోజూ ఏడ్చాను. నువ్వు పక్కనే కూర్చుని చూశావు."

"చూశాను వదినా."

"కోటాయన ముందు నా వయసు గురించి మాట్లాడావు."

ఆమె తల దించుకుంది.

"మిషన్ ఆ పిల్లకి మాటిచ్చేశాను. ఎగిరి గంతేసింది. ఇప్పుడు వద్దనలేను," అంది వదిన. "కొత్తది నేను కొనుక్కుంటాను. ఇంట్లో పెట్టుకుంటాను. కొన్నాళ్ళు నీ కోత మీద కుట్టలేను. మీ అన్నయ్యకి నువ్వే చెప్పు, నా నోటితో చెప్పించకు."

"చెబుతాను. ఇవాళే."

"ముందు ఆ డాక్టరు దగ్గరికి పద. ఎటు?"

పక్క భవనం రోడ్డుకి అవతల ఉంది. బళ్ళు ఆగకుండా పోతున్నాయి. వదిన ఎండకి కళ్ళు చికిలించి, ఒక అడుగు వేసి, వెనక్కి తగ్గింది. తర్వాత చెయ్యి చాపింది. ఆమె ఫోన్ని సంచి అడుగున వేసి, ఆ చెయ్యి పట్టుకుంది. వదిన వేళ్ళు బిగించలేదు. విడిపించుకోనూ లేదు.