వంగిన స్తంభాలు

"స్తంభాలు వంగుతయా? కంప్యూటర్ల తయారు చేసిన వీడియో ఇది," అన్నాడు ఫ్యాక్టరీ మేనేజర్. లక్డారం పంచాయతీ ఆఫీసులో కాలుష్యం మీద విచారణకొచ్చిన ఆఫీసరు టీవీ ఆపేశాడు.

సుమిత్రకు ఒళ్లు మండింది. పటాన్‌చెరులో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తుందామె. ఫ్యాక్టరీ గొట్టం నుంచి ఎర్రనీళ్లు తన తల్లి పుష్పమ్మ మడిలోకి పారడం కొత్త డిజిటల్ కెమెరాతో తీసింది. గొట్టం ఎవరిదో తెలియాలని కెమెరాను గోడ వైపు గిర్రున తిప్పింది. వీడియోలో అక్కడే గోడ స్తంభాలన్నీ ఒక పక్కకు ఒరిగాయి, గోడ జెల్లీలా ఊగింది.

నేరుగా సూర్యారావు దుకాణానికి పోయింది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి, కెమెరాలు బాగుచేస్తాడాయన. వీడియో చూపించింది.

"అబద్ధం కాదమ్మాయ్. నా పాత టేపు కెమెరా బొమ్మ మొత్తాన్నీ ఒక్కసారే పడుతుంది. నీది పైనుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. కింది వరస చదివేసరికి నువ్వు కెమెరాను ఇంకా తిప్పేశావు. అందుకే ఒరిగింది. చెయ్యి వణికితే ఊగుతుంది."

"షట్టర్ స్పీడ్ పెంచితే?"

"మసక పోతుంది, వంపు పోదు. చదివే వేగం మారదుగా. స్టాండు మీద పెట్టు, వెడల్పు లెన్సు వెయ్యి, మెల్లగా తిప్పు. లేదంటే నా కెమెరా పట్టుకెళ్లు."

"వద్దు సార్. వాళ్లు దొంగదన్నది నా కెమెరాను. దాంతోనే తీస్త."

మర్నాడు పొద్దున్నే మడి గట్టు మీద స్టాండు పాతింది. గేటు నుంచి మేనేజర్ పరుగున వచ్చాడు.

"కెమెరా తియ్! లేకుంటే పోలీసులను పిలుస్త."

"పిలువు. వాళ్లను గూడ తీస్త. ఇది మా అమ్మ పొలం, నువ్వే గట్టు దిగు."

పుష్పమ్మ కొడవలి చేతపట్టుకుని వచ్చి కూతురి పక్కన నిలబడింది. మేనేజర్ ఫోన్ తీశాడు. సుమిత్ర గొట్టం దగ్గర మొదలుపెట్టి, గోడ మీది ఫ్యాక్టరీ పేరు దాకా, ఊపిరి బిగబట్టి మెల్లగా తిప్పింది. స్తంభాలు నిటారుగా నిలబడ్డాయి.

మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసులో మళ్లీ ఆఫీసరు, మేనేజర్ల ముందు నిలబడింది. ఆయన అడగకముందే అక్కడి కిటికీ వైపు కెమెరాను కుడికి విసురుగా తిప్పి తీసి చూపించింది. ఊచలు కుడికి ఒరిగాయి. ఎడమకు తిప్పితే ఎడమకు ఒరిగాయి. నెమ్మదిగా తిప్పితే తిన్నగా ఉన్నాయి.

"మీ కిటికీ గూడ కంప్యూటర్లనే తయారైందా సార్?"

ఆఫీసరుకు నవ్వాగలేదు. తర్వాత పొద్దుటి వీడియో మొత్తం చూశాడు. నవ్వు పోయింది. మేనేజర్ ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, పరీక్షకు నీళ్లు పట్టే సీసాలు తెమ్మని బంట్రోతును పంపాడు.

"దారి చూపించమ్మా," అన్నాడు.

సుమిత్ర కెమెరా ఆన్ చేసి ముందు నడిచింది.