మొగలి రేకుల పెట్టె

శ్యామలాంబగారి చెయ్యి పూలమ్మే పాపాయి చెంప మీద పడి ఏడాది కావస్తోంది. వాపు అప్పుడే తగ్గిపోయింది. కడుపులో మంట మాత్రం తగ్గలేదు.

పోయినేటి దసరాకు ధవళేశ్వరం కాలువ పక్క ఊళ్లో సత్తిరాజుగారి లోగిలి పందిరికి పూలు కట్టింది పాపాయే. బంతీ చామంతీ తన తోటలోవే. వాటి మధ్య మొగలిపూలు గుచ్చాలని పట్టుబట్టింది మాత్రం రాజుగారి భార్య శ్యామలాంబగారు.

"అమ్మగారూ, మొగలి వద్దండి. దాని పొడి పిండిలా రాలుద్దండి. రాజుగారికి అసలే ఆయాసం" అని పాపాయి చెప్పింది.

"పూలమ్ముకునేదానివి, వైద్యం కూడా నేర్చావా?" అన్నారు అమ్మగారు.

ఆ సాయంత్రం పేరంటాళ్లందరి ముందు రాజుగారు తుమ్మి తుమ్మి, ఊపిరాడక కూలబడ్డారు. తప్పు బంతిపూలదన్నారు అమ్మగారు. కుళ్లుపూలు తెచ్చావంటూ చెంప పగలగొట్టారు. ఆ దెబ్బతో ఊళ్లో పెద్ద ఇళ్లన్నీ పాపాయి పూలు మానేశాయి. బంతిపూలు చెట్ల మీదే ఎండిపోతుంటే చూస్తూ కూర్చుంది పాపాయి. చూసినకొద్దీ పగ పెరిగింది.

ఈ ఏడు శ్రావణంలోనే అమ్మగారు రాజమహేంద్రవరం నుంచి బెండు పూలు తెప్పించారు. జీలుగు బెండును పల్చగా చెక్కి, రంగులద్ది చేసినవి. ఆ సంగతి దాసీ మరిడమ్మ వచ్చి చెప్పింది.

"పచ్చిపూల కంటే మూడింతలు ఖరీదంట. అయితే ఏం, పదేళ్లు వాడుకోవచ్చంట. పచ్చిపూలు పొద్దున కడితే సందేళకి వాడిపోతాయి, తొమ్మిది రోజులూ మార్చుకోవాలా? దీపాల ముందు చూస్తే నిజం పూలే అనుకుంటారు. అయ్యగారికి తుమ్ములూ ఉండవు."

"దేవుడికో?"

"అమ్మవారికి మాత్రం తమ పెరట్లో మందారాలంట. బెండు పూలు పందిరికే." మరిడమ్మ గొంతు తగ్గించింది. "ఒక్కటే కొరత, వాసన లేదు. అందుకని మొగలి రేకులు తెమ్మన్నారు. పట్టుచీరల్లో పెడతాం కదా, అలాగే పెట్టెలో పూల మధ్య పెడతారంట. పురుగు పట్టదు, వాసనా పడుతుంది. కాలువ గట్టున నువ్వే కోస్తావు కదా."

పాపాయి నోరు తెరవబోయింది. ఆ పొడి గరుకు బెండుకు అంటుకుంటే దులిపినా పూర్తిగా పోదు, కదిపినప్పుడల్లా రాలుతుంది. అన్ని రోజులు పెట్టెలో మగ్గితే, పండగనాడు పందిరి కింద రాజుగారి గతి ఏమిటి? ఆయన మంచివాడు. మొగుడు పోయిన ఏడు పాపాయి తోటకు శిస్తు అడగలేదు.

ఒక్క క్షణం మనసు తడబడింది. అంతలో చెంప చురుక్కుమంది. చెప్పినందుకే కదా ఆ దెబ్బ! అడిగింది ఆవిడ, పెట్టేది ఆవిడ. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడనీ అనుకుంది. ముళ్లు చేతులు గీరుతున్నా, పొడి దట్టంగా ఉన్న మొగలి పొత్తులే ఏరి కోసి ఇచ్చింది. దసరా ఎప్పుడొస్తుందా అని అంత ఆత్రంగా ఆమె ఎన్నడూ ఎదురుచూడలేదు.

పండగనాడు పిలవకపోయినా వెళ్లి లోగిలి వాకిట్లో నిలబడింది. పందిరి కన్నులపండువుగా ఉంది. పేరంటాళ్లు మెచ్చుకుంటుంటే అమ్మగారు ఉబ్బిపోతున్నారు. కుర్రాళ్లు చివరి దండ లాగి కట్టారు. దాని కిందే కూర్చున్న రాజుగారు ఒక తుమ్ము తుమ్మారు. తర్వాత ఆగలేదు. మొహం నల్లబడింది, రొమ్ము పిల్లికూతలు కూసింది.

"ఇదిక్కడ ఉందా! దీని దిష్టే!" అని అమ్మగారు వేలు చూపించారు.

పాపాయి ఇందుకోసమే వచ్చింది. ముందు కుర్రాళ్ల చేత రాజుగారిని వీధరుగు మీదికి, గాలిలోకి మోయించింది. తర్వాత ఒక బెండు దండ తెంపి, తన నల్లచీర కొంగు మీద దులిపింది. పసుపుపచ్చటి పొడి అందరికీ కనబడింది.

"బంతి కాదండి, మొగలి. ఈ పూల పెట్టెలో మొగలి ఎవరు పెట్టించారో మరిడమ్మని అడగండి."

అమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "తెలిసీ ఎందుకు చెప్పలేదే?"

"పోయినేడు చెప్పానండి అమ్మగారూ. మీరు జవాబు ఈ చెంప మీద ఇచ్చారు."

అమ్మగారు తల వంచుకున్నారు. ఏడాది మంట చల్లారింది. పాపాయికి హాయిగా ఊపిరి ఆడింది. దర్జాగా వాకిలి దాటి అరుగు పక్కగా వస్తుంటే రాజుగారు చెయ్యెత్తి ఆపారు. ఇంకా ఒగురుస్తూనే ఉన్నారు.

"నేను... నిన్నేం కొట్టలేదు కదే, పాపాయీ. నాకు చెప్పొచ్చు కదా."

పాపాయి కొంగుకు అంటిన పొడి దులుపుకుంటూ అక్కడే నిలబడిపోయింది. పొడి మాత్రం పోలేదు.