సలాకల కాలికి జోడు

మా ఇంటాయన మౌలా అలీ మొండితనం గురించి రెజిమెంటల్ బజార్ల ఎవరినడిగినా చెప్తరు. నేనైతే అడగకముందే చెప్తా.

పల్టన్ సాబులకు, అంటే ఫౌజు దొరలకు బూట్లు కుట్టిన ఉస్తాద్ ఆయన. ఎంతటోడొచ్చినా పాదం తన ఒళ్లె పెట్టుకొని కొలత తీసేటోడు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయ్. అల్లా దయ, కాలు కొంత తిరిగొచ్చింది. కానీ అడుగు లేపితే పాదం ముందుకు వాలి వేళ్లు నేలకు తట్టేవి. దవాఖానోళ్లు దానికి పట్టీ చేసిచ్చిన్రు. పిక్కకు తోలు పట్టా, రెండు పక్కల సన్నటి ఉక్కు సలాకలు, పాదం కింద రేకు. అది తొడిగితే పాదం వాలదు. దానిమీద జోడు తొడగాలె.

ఆయన కోరిక ఒక్కటే. దుకాణానికి తన కాళ్లమీద పోవాలె, గడప కాడ జోడు తనే ఇప్పాలె, తనే తొడుక్కోవాలె.

"మోసుకపోతే నేను రాను. నా కాలు ఎవ్వరు ముట్టొద్దు" అన్నడు.

మా దుకాణంల ఆయనతోని కలిసి కుట్టే భద్రయ్య కొలత తీస్తనని బతిమాలిండు. నేనాయనను భద్రన్న అంటా.

"నా పాదం కొలత నాకు తెల్వదా? పాత ఫర్మా మీదనే కుట్టు. పట్టీ పట్టేటందుకు రెండు నంబర్లు పొడుగు పెంచు. కింద మేకులు కొట్టు, గట్టిగుండాలె" అని మంచంల నుంచే హుకుం ఇచ్చిండు మా సాబు.

ఫర్మా అంటే జోడు ఏ కొలతకు కుట్టాల్నో ఆ కట్టెపాదం. అది ఆయన మంచిగున్నప్పటిది, పట్టీ లేనప్పటిది. భద్రన్న "జెర ఆలోచించు ఉస్తాద్" అన్నడు. ఇంటడా!

బూటు వచ్చింది. నేను, భద్రన్న బూటు పట్టుకుంటే ఆయన ఎంత దూర్చినా మడిమె దిగలే. ఎట్లనో దిగితే సలాకలు చీలమండను రెండు దిక్కుల నొక్కినయ్. పొడుగు మూతి నేలకు తట్టింది. ఆ మేకుల బరువుకు బలం లేని కాలు లేవనే లేవలే. మా గడప కాడనే పడ్డడు. దెబ్బ పెద్దగ తాకలే, కానీ చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు. నాకు పాణం పోయినట్టయింది. కోపం సుత అంతే వచ్చింది.

"అందరి కాళ్లు ఒళ్లె పెట్టుకున్నవు, వాళ్ల ఇజ్జత్ పోయిందా? పోలీస్ యాక్షన్ల ఎవ్వరు మన మీదికి రాకుండ భద్రన్న మన గడప ముందర మంచమేసుకొని పండుకున్నడు. అప్పుడు వద్దన్నవా? కాలిస్తే ఇయ్యి, లేకుంటే మంచంల్నే ఉండు!"

ఆయన కండ్లు తుడ్సుకుండు. తర్వాత సలాకల కాలు భద్రన్న దిక్కు జరిపిండు.

కొలత తీసేటందుకు భద్రన్న పొద్దుగూకినంక మళ్ల వచ్చిండు, కాలు వాచేది అప్పుడే గదా. మేజోడు, పట్టీ తొడిగి, నిలబెట్టి, బరువు మోపిచ్చి పాదం చుట్టూ గీత గీసిండు. అంతే, మా ఆయన నోరు తెరుచుకుంది.

"పొడుగెందుకు, వెడల్పు పెంచు! ఫర్మాకు పక్కలకు తోలు ముక్కలు కొట్టు. లోపలి అట్ట తీసెయ్యి, రేకు కూసుంటది."

"మరి మేకులు, ఉస్తాద్?"

"మేకులు నీ నెత్తిన కొట్టుకో!"

ఇద్దరు కొట్లాడుకుంట నవ్విన్రు. నేను చాయ్ పెట్టిన.

మెత్తటి మేకతోలు, పల్చటి అడుగు. వేళ్ల దాకా తెరుచుకునే ముందుభాగం, కాలు దూర్చే పనే లేదు, పెడితే సాలు. ఒంటి చేత్తోని తాళ్లు కట్టలేడు గదా, లోపలి దిక్కు నుంచి పట్టా, బయటి దిక్కు రింగు. పట్టాను రింగుల నుంచి తీసి కుడిచేత్తోని ఇటు గుంజి, పల్టన్ బెల్టుకుండే ఇత్తడి గుండీకి తగిలిస్తే అయిపాయె. రేకుతోని ఎడమ దిక్కు ఎత్తయితదని కుడి జోడుకు సుత ఒక పొర ఏసిన్రు. తొడిగి కొంచెంసేపు నడిచినంక మేజోడు తీసి చూసినం. చీలమండ కాడ ఎర్రగయింది. భద్రన్న అక్కడ తోలు సాగదీసి సరిచేసిండు.

ఆ పొద్దు మా ఆయన కట్టె పట్టుకొని దుకాణానికి నడిచిండు. నేను ఎన్కనే, ముట్టుకోకుండ. గడప పక్కన గద్దె మీద కూసుండు. గుండీ ఊడదీసిండు, పట్టా లాగిండు, జోడు తనే తీసి పక్కన పెట్టిండు. భద్రన్నకు చేతులెత్తి మొక్కాలనిపిచ్చింది, మొక్కిన.

"ఏందీ చెల్లె, గిట్ల చేస్తరా!" అని ఆయన పరేషాన్ అయిండు.

మా ఆయన ఒళ్లె గుడ్డ పరుసుకుండు. "భద్రయ్యా, కాలిటు పెట్టు, కొలత తీస్త."

జన్మంత బూట్లు కుట్టిన భద్రన్న, ఒక్కనాడు తన కాలికి తొడగలే. భద్రన్న పాదం ఎన్కకు గుంజుకుండు. "నీ ఒళ్లెనా? నాకెందుకు ఉస్తాద్, చెప్పులున్నయ్ గదా."

"కాలిస్తే ఇయ్యి, లేకుంటే బయటికి నడువ్!"

నా మాటే! నవ్వాపుకోలేకపోయిన. భద్రన్న మెల్లగ పాదం ఆయన ఒళ్లె పెట్టిండు. ఎడమ చెయ్యి లేవది గదా, కాయితం నేను పట్టుకున్న, పెన్సిల్ ఆయన తిప్పిండు. కాయితం జెర జరిగి గీత వంకరొచ్చింది. ఎన్నడు వంకర గీతకు ఊకోని మనిషి, ఆ పొద్దు దాన్నట్లనే ఉంచి పెన్సిల్ ముందుకు తిప్పిండు.