జతపరిచిన కాయితాలల్ల తొమ్మిదోది

దయానంద్ కొట్టిన కాయితం ఏ ఆఫీసుకు పోయినా వాపస్ రాలే. ఆర్మూర్ల గీ ముచ్చట అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది దయానందే. మార్కెట్ యార్డు గేటు ఎదురుంగ వాని జిరాక్స్, టైపింగ్ దుకాణం. "నా దరఖాస్తు చూస్తే ఆఫీసర్లు కుర్చీలకెళ్లి లేసి నిలబడ్తరు. కొందరైతే చెప్పులు కూడ ఇడుస్తరు," అంటడు, మొఖంల నవ్వన్నది రానియ్యకుంట. వాపస్ వచ్చినయ్ కౌంటర్ కింద అట్టపెట్టెల ఏస్తడు. ఒక పెట్టె నిండింది. ఇంకోటి తెచ్చిండు, అదీ నిండింది. గిప్పుడు మూడో పెట్టె మీద కూసోనే గీ మాట చెప్తుండు.

ముత్తవ్వ దుకాణం కాలిపోయిన వారానికి, చేతిల ప్లాస్టిక్ కవర్ పట్టుకోని వాని కాడికొచ్చింది. యార్డు గోడ పొంటి ఆమెది గోనె సంచులు, వాటిని కుట్టే సుతిలి దారం, దబ్బనాలు అమ్మే చిన్న కొట్టు. మీటర్ బోర్డు కాడ మంట లేసింది. గోనె సంచులకు అంటుకుంటే ఇంకేమున్నది, ఫైరింజన్ వచ్చేసరికి షట్టర్ ఒక్కటే నిలబడున్నది, అదీ వంగి.

"బిడ్డా దయా, బ్యాంకోళ్లు లోన్ ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ చేయించిన్రు గదా. సర్వేయర్ సారు వచ్చి చూసిపోయిండు. కాయితాలన్నీ పెట్టి, ఏమేం పెట్టినమో మీద ఒక ఉత్తరం రాసియ్యమన్నడు. జర తొందరగ రాయి. యార్డుకు పసుపు రాక మొదలైతే రైతులు సంచుల కోసం వస్తరు. గప్పటికి నేను మాలు దింపకపోతే ఇంకో దుకాణం మరిగిపోతరు. మళ్ల నా మొఖం ఎవ్వలు చూస్తరు?"

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. ఇంగ్లీషుల కొడ్త. ఇంగ్లీషు చూస్తే కంపెనీకి చలిజ్వరం వస్తది."

కవర్లకెళ్లి ఆమె ఒక్కొక్కటి తీసిచ్చింది, వాడు ఒక్కొక్కటి కొట్టిండు. క్లెయిమ్ ఫారం. పాలసీ నకలు. ఫైర్ స్టేషనోళ్లిచ్చిన కాయితం. ఠాణాల రాసిన పంచనామా. కరెంటాఫీసు లెటర్. నిజామాబాద్ హోల్‌సేల్ సేటు కాడికి రెండుసార్లు తిరిగి తెచ్చుకున్న బిల్లుల నకళ్లు. బ్యాంకు స్టేట్‌మెంట్. కాలిన దుకాణం ఫోటోలు.

"ఎనిమిది," అన్నది ముత్తవ్వ వేళ్లు మడుసుకుంట. చదువు రాదు గని లెక్కల ఆమెను మోసం చెయ్యాలంటే యార్డుల దలారులే నాలుగుసార్లు ఆలోచిస్తరు.

"కాలకముందు ఫోటో ఉండాలె పెద్దమ్మా. లేకపోతే నీకు మాలే లేకుండె అంటరు." అని ఆమె ఫోన్ గుంజుకోని ఎతికిండు. దీపావళి లక్ష్మీపూజ ఫోటో దొరికింది. దేవుని పటం, దీపాలు, ఎనుక కప్పు దాకా సంచుల కట్టలు.

"గది వద్దు బిడ్డా. గండ్ల ఏడు కట్టలు పక్క దుకాణం భూమయ్యయి. లక్ష్మి వచ్చేటాళ్లకు దుకాణం బోసిగ ఉండొద్దని అడిగి పెట్టుకున్న. తెల్లారి వాపస్ దొర్లిచ్చినం. నాయి తొమ్మిదే. కాలినయ్ తొమ్మిదే."

గది ఆ గల్లీల కొత్తదేం కాదు. దీపావళి వస్తే చిన్న దుకాణపోళ్లంత పక్కోని మాలు ఒక రాత్రికి బదులు తెచ్చుకుంటరు. లక్ష్మికి తెలుసు, పక్కోనికి తెలుసు. ఇన్సూరెన్స్ కంపెనీకే తెల్వది.

"సరే తియ్," అన్నడు దయానంద్. అన్నడు గని ఫోటో తియ్యలే. సర్వేయర్లు సగం కోస్తరని వాడు ఎక్కడ్నో విన్నడు. పదహారు రాస్తే కోసినంక ఎనిమిది మిగుల్తయ్, తొమ్మిది రాస్తే నాలుగున్నర, అర కట్టతోని పెద్దమ్మ ఏం చేస్తది? గిది వాని లెక్క. క్లెయిమ్ ఫారంల తొమ్మిదిని పదహారు చేసిండు. ఉత్తరంల తొమ్మిదో నంబర్ ఏసి, 'ప్రమాదానికి ముందు పదహారు కట్టల నిల్వ చూపు ఫోటో. కొన్ని బిల్లులు మంటల్లో పోయినవి' అని ఇంగ్లీషుల కొట్టిండు. వానికి తను చేస్తున్నది పుణ్యమే అనిపించింది. స్వర్గంల వానికి ఏసీ రూం కూడ బుక్ అయిపోయినట్టే అనిపించింది.

"అన్నీ సదివినవా?" అన్నది ముత్తవ్వ.

"అన్నీ సదివిన." ఉత్తరంల ఎనిమిదే సదివిండు.

ఆమె తెలుగుల సంతకం పెట్టింది. ఇంగ్లీషు రానోళ్లు సంతకం పెడితే, కింద ఇంకొకరు కూడ పెట్టాలె: 'పైన ఉన్నదంతా ఈమెకు తెలుగులో చదివి వినిపించాను' అని. దయానంద్ గీతలు వంకర తిప్పి, కింద రెండు చుక్కలు పెట్టి, కలెక్టర్ లెక్క సంతకం చేసిండు.

కొన్ని దినాలకు సర్వేయర్ రాజేశ్వర్ సారు మళ్ల వచ్చిండు. కాలిన కొట్టు ముంగట టార్పాలిన్ కట్టుకోని ముత్తవ్వ సుతిలి ఉండలు అమ్ముతున్నది. సంతకం చేసినోన్ని కూడ పిలిపియ్యమన్నడు సారు. దయానంద్ దువ్వుకోని వచ్చిండు, సన్మానానికి వచ్చినట్టు.

"అమ్మా, ఏమేం కాయితాలు పంపినవు?"

ముత్తవ్వ వేళ్ల మీద చెప్పింది. ఒక్కటి తప్పుపోలే. "ఎనిమిది సారూ."

"తొమ్మిది ఉన్నయ్."

"లేవు సారూ. ఎనిమిదే."

సారు పూజ ఫోటో తీసి ఆమె చేతుల పెట్టిండు. ఆమె ఫోటో దిక్కు చూసింది, తర్వాత దయానంద్ దిక్కు చూసింది.

"పెద్దమ్మకు యాది లేదు సార్, ఆ మంటల పరేషాన్ల—" అని అందుకున్నడు దయానంద్.

"గీ కట్టల మీద నీలం రంగు గుర్తు ఎవలిది?"

పక్క దుకాణంల భూమయ్య కూసోని వింటనే ఉన్నడు. వాని దుకాణం ముంగట పేర్చిన కట్టలన్నిటి మీద గదే నీలం రంగు. "నాది సారూ," అన్నడు తల గోక్కుంట. "దీపావళికి ఇచ్చిన. ఎనిమిదేండ్ల సంది ఇస్తున్న."

రాజేశ్వర్ సారు బూడిద దిక్కు చెయ్యి సూపిండు. "కట్టకు ఇనుప పట్టీలు ఉంటయ్. మంటల గోనె కాల్తది, ఇనుము కాలదు. మొదటి దినమే లెక్క పెట్టిన. తొమ్మిది కట్టలవి. బిల్లులు తొమ్మిదికే ఉన్నయ్. తొమ్మిది రాసుంటే నా రిపోర్ట్ గిప్పటికే పోతుండె అమ్మా. గిప్పుడు క్లెయిమ్‌ల అబద్ధముందని తేలితే పాలసీ షరతు ప్రకారం తొమ్మిది కూడ పోవచ్చు. మొత్తం."

ముత్తవ్వ చేతులకెళ్లి సుతిలి ఉండ జారి, దొర్లుకుంట పోయి బూడిదల ఆగింది. ఎవ్వలు తియ్యలే.

"సగం కోస్తరనుకున్న సార్," అన్నడు దయానంద్.

"ఎవలు చెప్పిన్రు?"

ఎవలూ చెప్పలే. యార్డు కాడ చాయ్ తాక్కుంట ఎవడో అన్నడు. వాడు కూడ ఎన్నడూ క్లెయిమ్ ఏసిన మొఖం కాదు.

సారు ఉత్తరం కింద సంతకం మీద వేలు పెట్టిండు. రెండు చుక్కల సంతకం. "అన్నీ చదివి వినిపించిన అని రాసినవ్. వినిపిస్తే అబద్ధం ఆమెది. వినిపియ్యకపోతే నీది. ఏది?"

ఆర్మూర్‌ల ఉన్న అబద్ధాలన్ని దయానంద్ నోట్లనే కాపురముంటయ్ గని గిప్పుడు ఒక్కటి కూడ ఇంటి కాడ లేదు. ముత్తవ్వ తిట్టలే. తిడితే మంచిగుంటుండె.

"అడిగిన గదా బిడ్డా," అన్నది మెల్లగ. "అన్నీ సదివినవా అని అడిగిన గదా."

"నాది సార్," అన్నడు దయానంద్.

"నోటితోని కాదు. తెలుగుల రాయి," అన్నడు సారు.

సుతిలి పెట్టె మీద కాయితం పెట్టుకోని రాసిండు. ఎమ్మటే సంతకం పెట్టబోతే ముత్తవ్వ కాయితం గుంజుకోని భూమయ్యకు ఇచ్చింది.

"నువ్వు సదువు అన్నా. వీడు సదివితే నాకు నమ్మిక లేదు."

"ఆమె దీన్నే నమ్ముకున్నది, కంపెనీ కూడ నమ్మాలె గదా సారూ," అన్నడు భూమయ్య కాయితం తీస్కుంట. "పైసలొస్తయా?"

"నేను ఉన్నది ఉన్నట్టు రాస్త. ఇచ్చేది ఇయ్యనిది కంపెనీ చూస్కుంటది. ఎన్ని దినాలైతదో నాకు తెల్వది."

యార్డు గేటు దిక్కుకెళ్లి ఒక రైతు వచ్చిండు. సంచులున్నయా అని అడిగిండు. ముత్తవ్వ లెవ్వని తల ఊపింది. ఆయన భూమయ్య దుకాణంలకు పోయిండు.

భూమయ్య కళ్లద్దాలు పెట్టుకోని పెద్దగ సదివిండు: "దయానంద్ అను నేను రాసిచ్చేది ఏమంటే, ఆమె వద్దన్నది. ఫోటో నేనే పెట్టిన. పదహారు నేనే చేసిన. ఎనిమిది చదివిన. తొమ్మిదోది చదవలే."