ఆదివారం అద్దె

ఆత్మకూరులో పెంచలనరసయ్య షామియానాల కొట్టు మెట్లెక్కుతూ సారా ఒక్కటే అనుకుంది: గొంతు పెంచకూడదు, పట్టిన మాట వదలకూడదు. ఆడపడుచు పెళ్లి సామానుకు కట్టిన ఇరవైవేల డిపాజిట్టు ఆమెదీ కాదు, భర్త హెన్రీదీ కాదు. ఉదయగిరిలో వాళ్ల చర్చి స్త్రీల సమాజానిది. కోశాధికారి తనే. పెళ్లయిన వారంలో తిరిగి పెడతానని అందరి ముందూ చెప్పి తీసుకుంది. రేపు ఆరాధన కాగానే లెక్క అప్పజెప్పాలి.

పెంచలనరసయ్య బిల్లు ముందుకు తోసి, దానిమీద మూడువేల వంద పెట్టాడు.

"ఇదేమ్మా, మీకు రావాల్సింది."

సారా డబ్బు ముట్టుకోకుండా బిల్లు చదివింది. కుర్చీలు, షామియానాలు, లైటింగుకు శుక్ర, శనివారాల అద్దె, రానుపోను బండి బాడుగ హెన్రీ సామాను దింపిన రోజే కట్టేశాడు. ఇప్పుడు డిపాజిట్టులోంచి ఆదివారం అద్దె తొమ్మిదివేల నాలుగువందలు, విరిగిన పద్నాలుగు కుర్చీలకు ఆరువేల మూడువందలు, కాలిన షామియానా సైడుగుడ్డకు పన్నెండువందలు కోసేశాడు.

"పెళ్లి శనివారంతో అయిపోయింది. ఆదివారం అద్దె ఏంది అన్నా?"

"సామాను నా గోడౌనుకు చేరిందాకా రోజు లెక్కే. కలిగిరిలో అడుగు, కలువాయిలో అడుగు, ఎవరైనా ఇదే చెప్తారు. బండి సోమవారం కదా తిరిగొచ్చింది."

"బండి నీది. బాడుగ ముందే ఇచ్చినాం. నువ్వు పంపకపోతే మా మీద రోజు ఎట్లా ఎక్కుద్ది?"

"మీ ఆయన్నే అడుగు. బండి ఖాళీ లేదంటే, 'ఉండనీలే అన్నా' అన్నాడు."

పక్కనే కూర్చున్న హెన్రీ సెల్లులోంచి తల ఎత్తలేదు. అతను అలా అనడం నిజమే. శనివారం రాత్రి సామాను అప్పజెప్పేటప్పుడు కుర్చీలు ఎంచి రమ్మంటే, "మనవాడేగా" అని పెళ్లి జరిగిన హాలు తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చేసిన మనిషి.

"సైడుగుడ్డ మా పిల్లకాయల టపాకాయలకే కాలింది. ఆ పన్నెండువందలు కోసుకో" అంది సారా.

దారికొచ్చిందనుకుని పెంచలనరసయ్య కుర్చీలో వెనక్కి వాలాడు.

"కుర్చీల సంగతి విను" అంది సారా. "వంట డేగిసా మర్చిపోయినామని ఆదివారం నేను హాలుకు పోయినా. నీ షామియానా వేసింది వేసినట్టే ఉండాది. కాలిన గుడ్డను మాత్రం వంటల వైపుకు తిప్పి కట్టినారు. కుర్చీల నిండా జనం. అనంతసాగరం మల్లికార్జునరెడ్డి గారి మనవరాలి ఓణీల ఫంక్షన్. ఆ రోజు అద్దె వాళ్ల దగ్గర తీసుకున్నావా, లేదా?"

"వాళ్లది వేరే లెక్క."

"ఆ వేరే లెక్కలో విరిగిన కుర్చీలు ఉండాయా?"

"అట్లాంటి ఇంటోళ్లని విరిగిన కుర్చీలకు ఎవరన్నా అడుగుతారామ్మా?"

"మమ్మల్నయితే అడగొచ్చు."

"నేనా మాట అన్లా."

"అనకుండా రాసినావు."

పెంచలనరసయ్య ముఖం నల్లబడింది. "ఏంది హెన్రీ, ఆడమనిషిని ముందుకు తోసి నువ్వు సెల్లు చూసుకుంటా ఉండావు. పెళ్లికి లైట్లు కావాలన్నప్పుడు నీ గొంతు బాగానే లేచిందే."

"పోనీలే సారా, సగం సగం అనుకుంటే..." అన్నాడు హెన్రీ.

"నీ దగ్గర సగం ఉంటే ఇయ్యి. సమాజం డబ్బులో సగం నువ్వెట్లా వదుల్తావు?"

పెంచలనరసయ్య ఇంకో అయిదువేలు తీసి బిల్లు మీద పడేశాడు. సారా మొత్తం కలిపి వెనక్కి జరిపింది.

"రెడ్డిగారి నంబరు నీ దగ్గర ఉండాది కదా" అంది భర్తతో. "ఫోన్ చెయ్యి. కుర్చీలు ఎవరి రోజు విరిగినాయో మర్యాదగా అడుగుదాం. ముందే వేసి ఉన్న షామియానాకు ఆత్మకూరు నించి తెచ్చినట్టు ఈ అన్న ఆయన దగ్గర బండి బాడుగ తీసుకున్నాడేమో, అదీ ఆయనే చెప్తాడు."

హెన్రీ వేలు సెల్లు మీద ఆగిపోయింది. నొక్కుతాడో లేదో సారాకే తెలియదు. పెంచలనరసయ్యకూ తెలియలేదు. సొరుగు లాగి పద్దెనిమిదివేల ఎనిమిదివందలు లెక్కపెట్టి బల్ల మీదికి విసిరాడు. రెండు నోట్లు జారి కింద పడ్డాయి. సారా వంగి ఏరుకుంది, మొత్తం మళ్లీ ఎంచింది.

"ఇంక మీ చర్చోళ్లెవరికీ నా కొట్లో సామాను లేదు. క్రిస్మస్‌కు నేలమీద కూర్చోండి."

"కూర్చుంటాం. బిల్లులో ఆదివారం, కుర్చీలు కొట్టేసి సంతకం పెట్టు."

కలంతో కాగితం చినిగేటట్టు కొట్టేసి సంతకం గీశాడు.

బస్టాండులో హెన్రీ నోరు విప్పాడు. "క్రిస్మస్‌కు అన్ని కుర్చీలు, లైట్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గర దొరుకుతాయి? పాస్టరుగారికి ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తా. నువ్వు ఎంచకుండా వచ్చింది కూడా. ఆ తక్కువైన పన్నెండువందలు తియ్యి, సమాజానికి ఇరవైవేలూ పెట్టాలి."

హెన్రీ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఉదయగిరి బస్సు వచ్చింది. ఆమె పక్కన సీటు ఖాళీగానే ఉన్నా అతను ముందుకు వెళ్లి డ్రైవరు వెనకాల నిలబడ్డాడు.